పొద్దున కరెంటు పోతేనే మాయమయ్యే బల్బు: ఒక జిగ్‌బీ కేసు

కూకట్‌పల్లి వైపు ఒక అపార్ట్‌మెంట్, ఆరో ఫ్లోర్, ఇంట్లో ఉండేది ఆంటీ అంకుల్ ఇద్దరే. కొడుకు డాలస్‌లో ఉంటాడు, రెండేళ్ల కింద సెలవులకి వచ్చినప్పుడు ఇల్లంతా స్మార్ట్ చేసేసి వెళ్లిపోయాడు, ఇప్పుడు ఏది పనిచేయకపోయినా ఆంటీ అతనికి ఫోన్ చేస్తది, అతను అక్కడ రాత్రిపూట కూర్చుని రిమోట్‌లో లాగిన్ అయి చూస్తాడు, కుదరకపోతే నాకు ఫోన్ చేస్తాడు. నేను చేసేది ఎలక్ట్రికల్ పని, ఓ ఐదారేళ్లుగా దాంతో పాటు ఈ ఆటోమేషన్ పనులు కూడా.

కంప్లైంట్ చాలా సింపుల్‌గా చెప్పాడు. "అన్నా, అమ్మ వాళ్ల బెడ్‌రూమ్ బల్బు కరెంటు పోయొస్తే నెట్‌వర్క్‌లోంచి పడిపోతోంది, మళ్లీ పెయిర్ చేస్తే వారం బాగుంటది, మళ్లీ పడిపోతది. నాలుగు సార్లు చేశా. ఇంటర్‌ఫియరెన్స్ అనుకుంటున్నా, నువ్వు ఓసారి వెళ్లి చూడు."

ఇంట్లో ఉన్న సామాను ఇది, అంతా జిగ్‌బీ, అంటే వైఫై కాకుండా ఇలాంటి చిన్న డివైజ్‌లు తమలో తాము మాట్లాడుకునే రేడియో నెట్‌వర్క్: రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ మీద ఈ డివైజ్‌లని నడిపే `Zigbee2MQTT` సాఫ్ట్‌వేర్, దానికి నెట్‌వర్క్‌ని నడిపించే ఒక యూఎస్‌బీ డాంగిల్ (అదే కోఆర్డినేటర్), నాలుగు బల్బులు, రెండు స్మార్ట్ ప్లగ్గులు, ఐదు బ్యాటరీ సెన్సర్లు. పై, వైఫై రౌటర్ రెండూ పాత కంప్యూటర్ యూపీఎస్ మీద ఉన్నాయి కాబట్టి కరెంటు పోయినా అవి ఆగవు. ఈ ఒక్క విషయం వల్లే కేసు తేలింది, లాగ్ మధ్యలో తెగిపోయుంటే నేను కూడా ఇంటర్‌ఫియరెన్స్ అని చెప్పి చేతులు దులిపేసుకునేవాణ్నేమో.

నేను వెళ్లే లోపలే అతను ఒక పని చేశాడు, జిగ్‌బీ ఛానల్ 11 నుంచి 25కి మార్చాడు. ఆలోచన తప్పేం కాదు, జిగ్‌బీ 11 అంటే 2405 మెగాహెర్ట్జ్, ఇంట్లో వైఫై ఒకటో ఛానల్ మీద ఉంది, దాని మధ్య 2412, రెండూ ఒకదాని మీద ఒకటి పడుకున్నట్టే. 25 అంటే 2475, వైఫైకి దూరం. కానీ అతను ఛానల్ మార్చిన టైమ్‌లో ఆంటీ అలవాటు కొద్దీ బెడ్‌రూమ్ బల్బుని గోడ స్విచ్ దగ్గర ఆపేసి ఉంచింది. ఛానల్ మారుతోందన్న కబురు గాల్లో వెళ్లినప్పుడు ఆ బల్బుకి కరెంటే లేదు, ఇంక ఏం వింటది. అందుకని అది కరెంటు పోకుండానే ఓసారి పడిపోయింది, దాంతో అసలు లెక్కలో ఒక దొంగ లెక్క కలిసింది. నేను వెళ్లగానే అతనికి చెప్పిన మొదటి మాట ఇదే, ఇంకేం మార్చకు బాబూ, నేను చెప్పేదాకా ఏదీ ముట్టుకోకు.

ఇక్కడ బల్బు కరెంటు పోయొచ్చినప్పుడు ఏం చేస్తదో చెప్పాలి, ఎందుకంటే చాలామంది అది ఫోన్ వైఫై వెతుక్కున్నట్టు మళ్లీ మొదట్నుంచీ వెతుక్కుంటది అనుకుంటారు. అట్లా కాదు. మెయిన్స్ మీద నడిచే జిగ్‌బీ బల్బు నెట్‌వర్క్‌లో రౌటర్, అంటే పక్క డివైజ్‌ల మాటలు కూడా మోసి పంపిస్తది. చేరినప్పుడు దానికి దొరికిన నెట్‌వర్క్ కీ, ఛానల్, నెట్‌వర్క్ గుర్తింపు నంబరైన పాన్ ఐడీ, తన పొట్టి అడ్రస్ అన్నీ లోపలి ఫ్లాష్‌లో రాసిపెట్టుకుంటది. కరెంటు రాగానే అవి చదువుకుని ఎవర్నీ అడక్కుండా అదే ఛానల్ మీద కూర్చుని, నేనొచ్చా అని ఒక్క కేక వేస్తది, దాన్నే అనౌన్స్ అంటారు. కోఆర్డినేటర్ ఆ కేక వినకపోయినా ఇబ్బంది లేదు, పక్క రౌటర్లతో పలకరింపులు మొదలైతే దారి మళ్లీ దొరుకుతది. కాబట్టి పై లేటుగా లేచింది అందుకే బల్బు పడిపోయింది అనే మాట రౌటర్ విషయంలో సాధారణంగా నిలబడదు, మహా అయితే స్క్రీన్ మీద కాసేపు offline అని చూపిస్తది.

మరి ఈ బల్బు "పడిపోయింది" అంటే అసలు ఏం పడింది? రెండు రకాలుంటాయి. ఒకటి, బల్బు నెట్‌వర్క్‌లోనే ఉంది, దానికి వెళ్లే దారి పాడైంది. రెండు, బల్బుకి ఆ నెట్‌వర్కే గుర్తులేదు. స్క్రీన్ మీద రెండూ ఒకేలా ఎర్రగా offline అనే కనిపిస్తాయి, లిస్టులో పేరు అట్లాగే ఉంటది, ఆన్ నొక్కితే ఎర్రర్ వస్తది. మందు మాత్రం రెండింటికీ వేరు.

ఆంటీ దగ్గర కూర్చుని కబుర్లాడితే నాకు మూడు విషయాలు తెలిశాయి, కొడుక్కి ఇవేవీ తెలియవు, ఎందుకంటే అతను అడగలేదు.

మొదటిది, గోడ మీద క్యాలెండర్. పాల లెక్క పక్కనే ఆంటీ కరెంటు పోయిన రోజులకి చిన్న ఇంటూ గుర్తు పెడుతోంది, బల్బు మాట వినని రోజులకి ఆ ఇంటూ చుట్టూ సున్నా. నెలన్నరలో పదకొండు ఇంటూలు, వాటిలో నాలుగింటికే సున్నా. అంటే కరెంటు పోయిన ప్రతిసారీ పడిపోవట్లేదు! కొడుకు చెప్పిన కంప్లైంట్ అక్కడే సగం తప్పు.

రెండోది, "ఆ రోజుల్లో అది తెల్లగా మండిపోతుంటది బాబూ, కళ్లు పోతాయి." మామూలుగా ఆ బల్బు పసుపు రంగులో సన్నగా వెలిగేలా సెట్ చేసుంది, కరెంటు పోయొస్తే ఇంతకుముందు ఎలా ఉందో అలాగే రావాలని `power_on_behavior` ని `previous` అని కూడా పెట్టాడు కొడుకు. నెట్‌వర్క్ దారి పాడైతే రంగు మారదు కదా. ఫుల్ వెలుతురుతో తెల్లగా వచ్చిందంటే లోపల సెట్టింగులే పోయాయని. నిజం చెప్పాలంటే ఆంటీ ఈ మాట అన్నప్పుడు నేను కాఫీ తాగుతూ ఊఁ కొట్టేశా, సాయంత్రం ఇంటికెళ్లాక వెలిగింది నాకు.

మూడోది, ఆ బల్బు పోయిన రోజే బాత్రూమ్‌లో మోషన్ సెన్సర్ కూడా పనిచేయట్లేదు. బ్యాటరీ సెన్సర్లు నేరుగా కోఆర్డినేటర్‌తో మాట్లాడాలనేం లేదు, దగ్గర్లో ఉన్న ఏదో ఒక రౌటర్‌ని పేరెంట్‌గా పట్టుకుంటాయి. మ్యాప్ తీసి చూస్తే ఆ సెన్సర్ పేరెంట్ ఈ బెడ్‌రూమ్ బల్బే. తల్లి పోతే పిల్ల కూడా, కొన్ని సెన్సర్లు వెంటనే ఇంకో పేరెంట్‌ని వెతుక్కుంటాయి, కొన్ని మొండివి గంటలు గంటలు అట్లాగే ఉండిపోతాయి, ఇది మొండిది.

క్యాలెండర్‌లో తేదీలున్నాయి గానీ టైమ్ లేదు. సున్నా చుట్టిన రోజులు ఎప్పుడు పోయింది ఆంటీ కరెంటు అంటే ఠక్కున చెప్పింది, పొద్దున్నే, అంకుల్ స్నానం టైమ్‌లో. మిగతా ఏడు? మధ్యాహ్నాలు, సాయంత్రాలు. ఒక్కసారి రాత్రి.

సరే, ఇక లాగ్. మామూలు లెవెల్‌లో అనౌన్స్‌లు కనపడవు, అందుకని `configuration.yaml` లో ఇది పెట్టి వదిలేశా:

```yaml
advanced:
  log_level: debug
  last_seen: ISO_8601
availability:
  enabled: true
```

డీబగ్ పెడితే లాగ్ ఫైళ్లు బాగా పెరుగుతాయి, మెమరీ కార్డు మీద నడిచే పైలో పని అయ్యాక తీసేయాలి, మర్చిపోవద్దు. అవైలబిలిటీ ఆన్ చేస్తే మెయిన్స్ డివైజ్ పది నిమిషాలు మాట్లాడకపోతే అదే పలకరించి చూస్తది, బదులు రాకపోతే offline అంటది, సెన్సర్లకి మాత్రం ఇరవై ఐదు గంటలు ఆగుతది.

తొమ్మిది రోజులు ఆగాను. ఆంటీకి రెండు చెప్పా: గోడ స్విచ్ ముట్టుకోవద్దు, బల్బు పోతే ఎవరూ మళ్లీ పెయిర్ చేయొద్దు, నాకు ఫోన్ చేయండి. మధ్యలో రెండుసార్లు సాయంత్రం కరెంటు పోయింది, బల్బుకి ఏం కాలేదు, లాగ్‌లో పోయినప్పుడల్లా ఒక్కటే అనౌన్స్, నీట్‌గా ఉంది. పదో రోజు పొద్దున ఏడు ముప్పావుకి ఆంటీ ఫోన్. నేను లాగ్ తీసి చూస్తే బెడ్‌రూమ్ బల్బు వరకు ఇదీ (తేదీ తీసేసి పెడుతున్నా):

```
[07:41:18] debug: z2m: Device 'bedroom_bulb' announced itself
[07:41:28] debug: z2m: Device 'bedroom_bulb' announced itself
[07:41:38] debug: z2m: Device 'bedroom_bulb' announced itself
[07:41:48] debug: z2m: Device 'bedroom_bulb' announced itself
```

అంతే, ఆ తర్వాత దాని నోటి నుంచి మాట లేదు. పది సెకన్లకోసారి నాలుగు కేకలు, తర్వాత నిశ్శబ్దం. హాల్‌లో ఉన్న మూడు బల్బులు చూస్తే అవి కూడా అదే టైమ్‌లకి కేకలేశాయి, కానీ నాలుగుతో ఆగలేదు, 07:42:18 దాకా ఒక్కోటి ఏడేసి సార్లు, ఆ తర్వాత మామూలుగా పనిచేస్తున్నాయి. అంటే ఇంటికి కరెంటు ఒక నిమిషంలో ఏడుసార్లు వచ్చింది, ఆరుసార్లు పోయింది. నాలుగు బల్బులూ దాన్ని చూశాయి, ఒక్కటి మాత్రం ఐదోసారికి నోరు మూసుకుంది.

`Device 'bedroom_bulb' left the network` అన్న లైన్ ఉందేమో అని కూడా వెతికా, లేదు. ఇది చాలామందిని పక్కదారి పట్టిస్తది. ఆ లైన్ రావాలంటే బల్బు వెళ్లిపోతున్నా అని చెప్పి వెళ్లాలి, చెప్పకుండా జ్ఞాపకం చెరిపేసుకుంటే కోఆర్డినేటర్‌కి తెలిసే దారే లేదు, లిస్టులో అది ఇంకా మన ఇంటి మనిషే.

పది సెకన్లకోసారి కరెంటు ఎవరు ఇస్తున్నారు, ఎవరు తీస్తున్నారు? ఎలక్ట్రికల్ వాడిని కదా, ఇది మాత్రం వెంటనే వెలిగింది. గుమ్మం బయట మీటర్ పక్కన ఏసీసీఎల్ పెట్టె ఉంటది, జెనరేటర్ ఉన్న అపార్ట్‌మెంట్లలో చాలా చోట్ల ఉంటది ఇది, లైన్ కరెంటు పోతే ఫ్లాట్‌ని జెనరేటర్ మీదకి మారుస్తది, మార్చి ఊరుకోదు, జెనరేటర్ మీద ఉన్నంతసేపు మన కోటా దాటి వాడితే కట్ చేస్తది, కాసేపాగి మళ్లీ ఇచ్చి చూస్తది, ఇంకా ఎక్కువే ఉంటే మళ్లీ కట్. ఈ ఫ్లాట్ కోటా 500 వాట్లు. అంకుల్ స్నానం టైమ్‌లో గీజర్ ఆన్‌లో ఉంటది, అదొక్కటే 2000 వాట్లు. పెట్టె టక్ మంటది, ఆంటీ వంటింట్లోంచి గీజర్ ఆపండీ అని అరుస్తది, అంకుల్ ఒంటికి సబ్బు పెట్టుకుని ఉంటాడు, ఆయన బయటికొచ్చి స్విచ్ ఆపేదాకా టక్, టక్, టక్. సాయంత్రాలు గీజర్ ఉండదు కాబట్టి జెనరేటర్ ఒకేసారి వచ్చి నిలబడతది.

మర్నాడు వెళ్లి సెక్యూరిటీ వాళ్లతో మాట్లాడి జెనరేటర్ వేయించుకున్నా (దీనికి ఒప్పించడమే పెద్ద పని, డీజిల్ లెక్క రాసుకుంటారు మరి), గీజర్ ఆన్ చేసి, హాల్లో మామూలు ఎల్ఈడీ లైటు ఒకటి ఫోన్‌తో వీడియో తీశా. వీడియోని ఆపుకుంటూ ఫ్రేములు లెక్కపెడితే వెలిగింది దాదాపు రెండు సెకన్లు, ఆరింది ఎనిమిది సెకన్ల దగ్గర దగ్గర. లాగ్‌లో పది సెకన్ల తేడాకి సరిగ్గా సరిపోయింది. ఇది ఆ ఇంటి పెట్టె లెక్క, మీ దగ్గర వేరేలా ఉండొచ్చు, వీడియో తీసి చూసుకోవడమే.

ఇప్పుడు బల్బు పెట్టెలో కాగితం. కొడుకు ఇలాంటివి పారేయడు, టీవీ కింద డ్రాయర్‌లో దొరికింది. రీసెట్ చేయాలంటే స్విచ్ ఐదుసార్లు ఆన్ ఆఫ్ చేయండి, వెంటవెంటనే, అని ఉంది. హాల్ బల్బులు వేరే కంపెనీవి, వాటిని రిమోట్ దగ్గరగా పెట్టి బటన్ నొక్కి పట్టుకుంటేనే రీసెట్ అవుతాయి, స్విచ్‌తో కావు. అనుమానం అంతా ఇక్కడికి వచ్చి చేరింది, పొద్దున కరెంటు పోయినప్పుడల్లా ఏసీసీఎల్ పెట్టె అంకుల్ స్నానం చేస్తుండగా బల్బుని ఫ్యాక్టరీ రీసెట్ చేస్తోంది.

కానీ నాకే నమ్మకం కుదర్లేదు. కాగితంలో "వెంటవెంటనే" అనుంది. ఎనిమిది సెకన్లు ఆరి ఉండటం వెంటవెంటనే ఎట్లా అవుతది? మనిషి రీసెట్ చేసేటప్పుడు టకటకా కొడతాడు, ఇంత నిదానంగా ఎవరూ కొట్టరు. అసలు ఈ కారణంతోనే ఏడాది కింద ఇంకో ఇంట్లో ఇలాంటి అనుమానాన్ని నేను పక్కన పెట్టేశా, ఆ ఇంటాయనకి బల్బు మార్చేయమని చెప్పి వచ్చా. అందుకని ఈసారి బల్బు విప్పి ఇంటికి తెచ్చుకుని టేబుల్ మీద పెట్టా. హోల్డర్, స్విచ్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్స్, ఫోన్‌లో స్టాప్‌వాచ్. నా సొంత కోఆర్డినేటర్‌కి పెయిర్ చేసి మొదలుపెట్టా.

ఒక సెకను ఆన్, ఒక సెకను ఆఫ్, ఐదుసార్లు. ఐదో ఆన్‌కి బల్బు రెండుసార్లు కన్ను కొట్టింది, తెల్లగా అయిపోయింది, రీసెట్. ఇది అనుకున్నదే. మళ్లీ పెయిర్ చేసి, ఈసారి ఒక సెకను ఆన్, పది సెకన్లు ఆఫ్. ఐదోదానికి మళ్లీ కన్ను కొట్టింది! అరే అనుకుని, ఒక సెకను ఆన్, ఒక నిమిషం ఆఫ్. అప్పుడు కూడా రీసెట్ అయింది. టేబుల్ ముందు ఐదు నిమిషాలు కూర్చుని బల్బుని చూస్తుంటే మా ఆవిడ ఏమైందండీ అని అడిగి వెళ్లింది.

తర్వాత తిరగేశా. పది సెకన్లు ఆన్, ఒక సెకను ఆఫ్, ఎనిమిదిసార్లు. ఏం కాలేదు, ప్రతిసారీ చక్కగా అనౌన్స్ చేసి నెట్‌వర్క్‌లోనే ఉంది. మూడుసార్లు పొట్టిగా, నాలుగోసారి పది సెకన్లు ఉంచి, తర్వాత మళ్లీ నాలుగుసార్లు పొట్టిగా, అప్పుడూ ఏం కాలేదు. మూడు సెకన్ల ఆన్ అయితే లెక్కలోకి వస్తోంది, ఆరు సెకన్లయితే రావట్లేదు.

ఇంతా చేశాక అర్థమైంది, ఆలోచిస్తే చాలా మామూలు సంగతి. బల్బుకి ఎంతసేపు ఆరి ఉందో తెలిసే దారి లేదు. గడియారం నడవాలంటే కరెంటుండాలి, కరెంటు లేనప్పుడు దానికి ఒక సెకనూ ఒక రోజూ ఒకటే. అది చేయగలిగింది ఒక్కటే, లేవగానే ఫ్లాష్‌లో ఒక అంకె పెంచడం, కొన్ని సెకన్లు బతికుంటే ఆ అంకెని మళ్లీ సున్నా చేయడం. సున్నా చేసే లోపలే కరెంటు పోతే అంకె అట్లాగే ఉంటది. ఐదైతే రీసెట్. "వెంటవెంటనే" అని కాగితంలో రాసింది మనిషి కోసం, బల్బు చూసేది వెలిగిన సేపు మాత్రమే. రెండు సెకన్లు వెలిగించి ఎనిమిది సెకన్లు ఆర్పే పెట్టె దానికి సరిగ్గా సరిపోయే రీసెట్ మిషన్. లాగ్‌లో నాలుగే కేకలు ఎందుకున్నాయో కూడా ఇక్కడ తేలిపోయింది, ఐదోసారి లేచినప్పుడు అది నెట్‌వర్క్ మనిషి కాదు, కేక వేయడానికి నెట్‌వర్కే లేదు.

అన్ని బల్బులూ ఇలాగే లెక్కపెడతాయని నేననను. ఆరిన సేపు కూడా చూడగలిగేవి ఉండొచ్చు, సర్క్యూట్‌ని బట్టి ఉంటది. అందుకే కాగితం నమ్మకుండా టేబుల్ మీద మీ బల్బుతోనే చేయండి అంటున్నా, అరగంట పని.

చివరి అనుమానం కూడా తీర్చుకోవాలని, ఈసారి ఆంటీ వాళ్లింట్లో బల్బు మళ్లీ బిగించి పెయిర్ చేసేటప్పుడు నెట్‌వర్క్ అడ్రస్ రాసుకున్నా. ప్రతి డివైజ్‌కీ రెండు అడ్రస్‌లుంటాయి, పుట్టుకతో వచ్చే 64 బిట్ల పెద్దది ఎప్పటికీ మారదు, నెట్‌వర్క్‌లో చేరినప్పుడు వచ్చే 16 బిట్ల పొట్టిది. కరెంటు పోయొచ్చి తన జ్ఞాపకంతో లేచిన బల్బుకి మామూలుగా పొట్టి అడ్రస్ మారదు. చెరిపేసుకుని కొత్తగా చేరితే సాధారణంగా కొత్తది వస్తది. జెనరేటర్ వేయించి, గీజర్ పెట్టి, పెట్టె చేత టక్ టక్ అనిపించి, బల్బు మాయమయ్యాక కొత్త డివైజ్‌లు చేరేలా జాయిన్ తెరిచా, గోడ స్విచ్ కూడా ముట్టుకోలేదు. అర నిమిషంలో `Starting interview of 'bedroom_bulb'` అని వచ్చింది. ఇంటర్వ్యూ అంటే కొత్తగా చేరిన డివైజ్‌ని నువ్వెవరు, ఏం చేయగలవు అని అడగడం, దారి పాడైన బల్బుకి అది అక్కర్లేదు, నెట్‌వర్క్ మర్చిపోయి ఎవరు తలుపు తీస్తారా అని వెతుక్కుంటున్న బల్బే అట్లా దానంతటదే వచ్చి చేరుతది. పొట్టి అడ్రస్ చూస్తే మారింది.

మీ ఇంట్లో బల్బు ఈ రకమా, దారి పాడైన రకమా తెలుసుకోవాలంటే ఇంత తతంగం అక్కర్లేదు. బల్బు మాట విననప్పుడు గోడ స్విచ్ ఒక్కసారి ఆపి, వేసి, పదిహేను సెకన్లు వదిలేయండి. డీబగ్ లెవెల్ లాగ్‌లో announced itself వస్తే అది ఇంకా మీ నెట్‌వర్క్‌లోనే ఉంది, వెతకాల్సింది దూరం, డాంగిల్ పెట్టిన చోటు, వైఫై ఛానల్ లాంటివి, ఆన్ నొక్కినప్పుడు వచ్చే ఎర్రర్‌లో `No network route` లాంటి మాటలు కూడా కనిపిస్తాయి. ఏమీ రాకుండా జాయిన్ తెరవగానే ఇంటర్వ్యూ మొదలైతే అది మర్చిపోయిన బల్బు, ఛానల్ ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు. చాలామంది చేసే తప్పు, బల్బు రావట్లేదని కోపంతో స్విచ్ టకటకా నాలుగైదుసార్లు కొడతారు, దాంతో బాగున్న బల్బుని కూడా వాళ్లే రీసెట్ చేసేసి, చూశావా పడిపోయింది అంటారు.

ఇక మందు. మూడు దారులు చూశా.

బల్బు మార్చేయడం, హాల్లో ఉన్నలాంటిది పెట్టడం. ఇదే శుభ్రమైన దారి, కానీ ఆ కంపెనీ బల్బు రేటు చూసి అంకుల్ ఒప్పుకోలేదు, పనిచేసే బల్బు ఎందుకు పారేయాలి అన్నాడు, ఆయన మాటలోనూ న్యాయముంది.

రెండోది గీజర్‌ని జెనరేటర్ మీద రాకుండా చేయడం. వైరింగ్ మొత్తం ఏసీసీఎల్ వెనకే ఉంది, విడగొట్టాలంటే గోడలు తవ్వాలి. గీజర్ స్విచ్ దగ్గర కరెంటు పోతే తనే తెరుచుకుని చేత్తో నొక్కితేనే మళ్లీ పట్టుకునే కాంటాక్టర్ పెట్టొచ్చు, దానికీ అంకుల్ సబ్బుతో బయటికి రావాలి, వద్దన్నారు.

మూడోది చేశాం, ఆన్ డిలే టైమర్. కరెంటు వచ్చాక నువ్వు చెప్పినన్ని సెకన్లు ఆగి, అప్పటికీ కరెంటు నిలబడి ఉంటేనే రిలే మూస్తది. మధ్యలో పోతే లెక్క మళ్లీ మొదటికి. ఫ్రిజ్‌కి వాడే స్టెబిలైజర్‌లో ఉండే ఆలస్యం లాంటిదే, కాకపోతే వాటిలో మూడు నిమిషాల దాకా ఉంటది, మూడు నిమిషాలు చీకట్లో కూర్చోమంటే ఆంటీ ఊరుకోదు. సెకన్లలో తిప్పుకునే టైమర్ పానెల్ సామాన్ల షాపుల్లో దొరుకుతది. బెడ్‌రూమ్ స్విచ్ బోర్డు వెనక చోటు లేదు, అందుకని ఫాల్స్ సీలింగ్ పైన చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టా. ఎంసీబీ దించి, టెస్టర్‌తో చూసుకుని, స్విచ్ నుంచి వచ్చే ఫేజ్ టైమర్ మీద ఏ1 అని ఉన్న చోటుకి, న్యూట్రల్ ఏ2కి, అదే ఫేజ్ నుంచి ఇంకో తీగ 15కి, 18 నుంచి బల్బుకి. 15, 18 మధ్య కాంటాక్ట్ మామూలుగా తెరిచుంటది, టైమ్ అయ్యాక మూసుకుంటది. మీరు ఎలక్ట్రీషియన్ కాకపోతే ఇది మాత్రం మీరు చేయొద్దు, డబ్బులిచ్చి పిలిపించుకోండి.

ఎన్ని సెకన్లు పెట్టాలి అనేది పెట్టె లెక్కని బట్టి. ఏసీసీఎల్ రెండు సెకన్లే కరెంటిస్తోంది, కాబట్టి రెండు కంటే బాగా ఎక్కువ పెడితే చాలు, ఆ తడబాటంతా టైమరే తింటది, బల్బుకి తెలియనే తెలియదు. మొదట పదిహేను పెట్టా. జెనరేటర్ వేయించి గీజర్ ఆన్‌లో వదిలేసి చూశాం, పెట్టె తొమ్మిదిసార్లు కొట్టుకుంది, బల్బు ఒక్కసారి కూడా వెలగలేదు. గీజర్ ఆపాక పదిహేను సెకన్లకి పసుపు రంగులో, సన్నగా, ఎలా ఉండాలో అలా వచ్చింది. లాగ్‌లో ఒక్కటే అనౌన్స్.

దీనికో ఇబ్బంది ఉంది, గోడ స్విచ్ వేసినప్పుడు కూడా బల్బు పదిహేను సెకన్లు ఆగుతది. ఆ స్విచ్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచి మంచం పక్క బటన్ వాడాలని కొడుకు రెండేళ్లుగా చెబుతున్నాడు, ఆంటీ రెండేళ్లుగా స్విచ్చే వాడుతోంది. ఇప్పుడు స్విచ్ వేస్తే వెంటనే రావట్లేదని తనే బటన్‌కి మారింది, ఇది నేను అనుకుని చేసింది కాదు. బాత్రూమ్ సెన్సర్‌ని కూడా హాల్ దగ్గరున్న స్మార్ట్ ప్లగ్ ద్వారా పెయిర్ చేసి పెట్టా, అది తర్వాత తనిష్టం వచ్చినట్టు మళ్లీ బల్బుని పట్టుకోవచ్చు, పట్టుకున్నా ఇప్పుడు నష్టం లేదు.

రెండు నెలలు గడిచింది. డాలస్ అబ్బాయి ఛానల్ 25లోనే ఉంచాడు, వద్దనలేదు నేను, వైఫైకి దూరంగా ఉండటం మంచిదే. క్యాలెండర్‌లో ఇంటూలు పదమూడు, అందులో పొద్దున పోయినవి ఐదు, సున్నా ఒక్కదానికీ లేదు. మొన్న వెళ్తే అంకుల్ పదిహేను సెకన్లు మరీ ఎక్కువయ్యా, జెనరేటర్ డబ్బులు కడుతున్నాం కదా అన్నాడు. స్టూలెక్కి డబ్బా తీసి, నాబ్ ఎనిమిదికి తిప్పి, గీజర్ పెట్టి ఇంకోసారి చూసి దిగాను.